ఫోటోలు చూసి ఆటోగ్రాఫ్ కొనేటప్పుడు: ఏ పెన్ను, ఏ కాగితం, ఏ చోటు

ఒకే నటుడి సంతకం మూడు చోట్ల అమ్మకానికి ఉందనుకుందాం. ఒకటి ఆయన ఆత్మకథ టైటిల్ పేజీ మీద బాల్‌పెన్‌తో, ఒకటి అదే పుస్తకం మరో ప్రతిలో అట్ట తెరవగానే వచ్చే ఖాళీ పేజీ మీద ఫౌంటెన్ పెన్‌తో, ఇంకొకటి నిగనిగలాడే సినిమా స్టిల్ మీద నల్ల మార్కర్‌తో. మూడింట్లోనూ అక్షరాల తీరు ఆయన సంతకంలాగే ఉంది. వస్తువు చేతిలో లేదు, అమ్మేవాళ్లు పంపిన ఫోటోలు మాత్రమే ఉన్నాయి. దేన్ని ఎంచుకోవాలి?

చాలామంది సంతకం ఆకారాన్ని ఇంటర్నెట్‌లో దొరికిన నమూనాలతో పోల్చి తేల్చేస్తారు. కానీ నకిలీ చేసేవాడు అందరికంటే ఎక్కువగా సాధన చేసేది ఆ ఆకారాన్నే. మనకు దొరికిన నమూనాలే వాడికీ దొరుకుతాయి. అతని అదుపులో ఉండనివి వేరే ఉన్నాయి: సిరా ఆ కాగితంలో ఎలా ఇంకింది, చెయ్యి ఎక్కడ బరువు మోపింది, ఎక్కడ తేలిపోయింది, రాత పేజీలో ఎక్కడ కుదురుకుంది. అందుకే ఎంపికకు మా కొలత ఒకటే. ఫోటోలో పరీక్షించగల ఆనవాళ్లు ఏ వస్తువు మీద ఎక్కువ మిగిలి ఉంటాయో దానికే మొదటి మొగ్గు. ఆ లెక్కన మామూలు పుస్తకం కాగితం మీద బాల్‌పెన్, ఫౌంటెన్ పెన్ రాతలు ముందు వరసలో ఉంటాయి. నున్నటి ఫోటో మీద మార్కర్ చివర ఉంటుంది.

ఒక హద్దు మొదటే చెప్పాలి. ఫోటో చూసి "ఇది కాదు" అని గట్టిగా చెప్పవచ్చు. "ఇది ముమ్మాటికీ ఆయనదే" అని ఫోటో ఒక్కదాన్ని చూసి చెప్పలేం. కాబట్టి పోలిక ఎప్పుడూ తీసేస్తూ పోవడమే. మిగిలినదాన్ని చేతిలోకి తీసుకుని చూసుకునే వీలు, నచ్చకపోతే వాపసు ఇచ్చే వీలు ఉండాలి.

అడగాల్సిన నాలుగు ఫోటోలు

అమ్మకానికి పెట్టినప్పుడు ఎదురుగా తీసిన ఫోటో ఒక్కటే ఉంటుంది. అది ఆకారాన్ని తప్ప మరేమీ చూపించదు. ఇంకో నాలుగు అడగండి. సంతకానికి బాగా దగ్గరగా తీసినది ఒకటి. గది దీపాలు ఆపి, పక్క నుంచి టార్చి వెలుతురు కాగితాన్ని రాసుకుంటూ పోయేలా, అంటే పది ఇరవై డిగ్రీల వాలులో వేసి తీసినది రెండోది. మూడోది అదే పేజీ వెనక వైపు. పుస్తకమైతే తర్వాతి పేజీ, ఎదుటి పేజీ కూడా కావాలి. నాలుగోది వస్తువును కొంచెం వంచి, దీపం తళుకు సరిగ్గా సంతకం మీద పడేలా తీసినది. నిగనిగలాడే ఫోటోలకు ఈ నాలుగోదే అన్నిటికంటే ముఖ్యం.

దగ్గరి ఫోటో ఎంత దగ్గరగా ఉండాలో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఎనిమిది సెంటీమీటర్ల పొడవున్న సంతకం ఫోటోలో రెండు వేల పిక్సెళ్ల వెడల్పు వస్తే ఒక్కో మిల్లీమీటరుకు ఇరవై ఐదు పిక్సెళ్లు పడతాయి. అర మిల్లీమీటరు బాల్‌పెన్ గీతకు పన్నెండు పిక్సెళ్లు వస్తాయి, గీత అంచు చూడడానికి అవి చాలు. మొత్తం పేజీని తీసిన ఫోటోలో అదే గీతకు చాలా తక్కువ పిక్సెళ్లే దక్కుతాయి, దాన్ని ఎంత పెద్దది చేసినా కొత్తగా కనిపించేదేమీ ఉండదు. ఇంకో చిక్కు, మెసేజింగ్ యాప్‌లలో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. ఫైల్‌గా పంపమనండి. ఫోన్ కెమెరాలు గీతల అంచులను తమంతట తామే పదును పెడతాయి, దానివల్ల గీత చుట్టూ సన్నని తెల్లటి అంచు కనిపిస్తుంది. దాన్ని సిరా లక్షణమని పొరబడకూడదు. పక్కనే ఉన్న అచ్చు అక్షరాల చుట్టూ కూడా అదే తెల్లటి అంచు ఉంటే అది కెమెరా పనే.

బాల్‌పెన్: గాడి, ముద్ద, తెల్లచార

బాల్‌పెన్‌లో నీళ్ల సిరా ఉండదు, జిడ్డుగా ఉండే చిక్కటి సిరా ఉంటుంది. అది కాగితంలో పాకదు, పైనే అంటుకుంటుంది. పెన్ను మొనలోని గుండు దొర్లాలంటే చెయ్యి నొక్కాలి, నొక్కితే కాగితంలో గాడి పడుతుంది. బాల్‌పెన్ రాతకు మేం ఇచ్చే విలువంతా ఆ గాడి వల్లనే.

పుస్తకంలో రాసినప్పుడు కింద పేజీల దొంతర మెత్తగా ఉంటుంది కనుక గాడి లోతుగా దిగుతుంది. పక్క వెలుతురులో తర్వాతి పేజీ మీద కూడా దాని జాడ కనిపించాలి. పేజీ వెనక వైపు అదే గీత ఉబ్బెత్తుగా ఉంటుంది. అయితే గాడి ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. గాడి లోతు మారుతోందా అన్నది మిగతా సగం. సొంత సంతకాన్ని వేగంగా గీసే చెయ్యి కిందికి దిగే గీతల్లో బరువు మోపుతుంది, పైకి వెళ్లే గీతల్లో తేలికపడుతుంది. మొదట్లోనూ చివర్లోనూ పెన్ను గాలిలో కదులుతూనే కాగితాన్ని తాకి, కదులుతూనే వదిలేస్తుంది. కాబట్టి ఆ కొసలు సన్నబడి మాయమవుతాయి. చూసి గీసేవాడి చెయ్యి పెన్నును ముందు కాగితం మీద ఆనించి, తర్వాత కదులుతుంది. అందుకే మొదలు మొద్దుగా ఉంటుంది, గాడి మొదటి నుంచి చివరి దాకా ఒకే లోతులో సాగుతుంది, ఆపిన చోట చుక్క పడుతుంది.

దగ్గరి ఫోటోలో మరో రెండు చూడవచ్చు. గుండు చుట్టూ ఉన్న అంచు మీద సిరా పేరుకుని, పెన్ను వంపు తిరిగాక చిన్న ముద్దగా కాగితం మీద రాలుతుంది. వంపు దాటిన వెంటనే కనిపించే ఆ చుక్కలు నిజమైన బాల్‌పెన్ రాతకు గుర్తు. అచ్చు వేసిన సంతకంలో ఆ చుక్కలు కనిపించినా వాటికి మెరుపూ ఉండదు, ఎత్తూ ఉండదు. రెండోది, గీత లోపల సిరా పడని సన్నని తెల్లచారలు. వంపుల్లో ఈ చారలు పెన్ను వెళ్లే దిశలో లోపలి అంచు నుంచి బయటి అంచు వైపు సాగుతాయి. అంటే ఆ గీతను ఎటు నుంచి ఎటు గీశారో చెప్పవచ్చు. ఒక సున్నాను ఆ వ్యక్తి ఎప్పుడూ ఎడమ తిప్పుగా చుడతాడని నమూనాల్లో కనిపించి, ఇక్కడ చారలు కుడి తిప్పు చూపిస్తే అక్షరం ఎంత అచ్చుగుద్దినట్టున్నా పక్కన పెట్టేయండి. దీనికి ఫోటో చాలా స్పష్టంగా ఉండాలి. లేనప్పుడు లేనిది ఊహించుకోవద్దు.

వణుకు గురించి ఒక మాట. వయసు మీదపడ్డవారి సంతకంలో వణుకు ఉండడం సహజమే. ఆ వణుకు నిటారు గీతల్లోనూ ఉంటుంది, వంపుల్లోనూ ఉంటుంది, గాడి లోతు మాత్రం అప్పటికీ మారుతూనే ఉంటుంది, కొస తేలిగ్గానే ముగుస్తుంది. నకిలీ వణుకు కష్టమైన మలుపుల దగ్గర చేరుతుంది, సులువైన గీతల్లో మాయమవుతుంది. తెలుగులో చేసిన సంతకమైతే తలకట్టు, గుడి, కొమ్ము విడివిడిగా పడతాయి కనుక పెన్ను ఎత్తడం సహజమే, దాన్ని అనుమానించక్కర్లేదు. సున్నలాంటి ఒకే చుట్టు గుర్తు మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ అతికించినట్టుంటే మాత్రం ఆగి చూడాలి.

కాలం కూడా చూసుకోవాలి. బాల్‌పెన్ అమెరికాలో దుకాణాల్లోకి వచ్చింది 1945 అక్టోబరులో. 1937లో చనిపోయిన హాలీవుడ్ నటి జీన్ హార్లో ఫోటో మీద బాల్‌పెన్ రాత కనిపిస్తే అక్కడితో పరీక్ష అయిపోయినట్టే. హార్లో విషయంలో ఇంకో సంగతి ఉంది. అభిమానులకు పంపిన ఫోటోల మీద ఆమె తల్లి సంతకం చేసేవారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసినదే. ఆ రాతల్లో సిరా ఆ కాలానిదే, కాగితం ఆ కాలానిదే, వేగం కూడా సహజమైనదే. ఇక్కడ చెప్పే సిరా పరీక్షలన్నీ అది దాటేస్తుంది. తారల తరఫున ఇంట్లోవాళ్లో కార్యదర్శులో సంతకం చేసిన చోట్ల మాత్రం చేతిరాత పోలిక తప్పదు.

ఫౌంటెన్ పెన్: కాగితం ఏం చేసిందో చూడాలి

ఫౌంటెన్ పెన్ పెద్దగా గాడి చేయదు. అక్కడ సాక్ష్యం సిరా రంగులోని ముదురు, లేత తేడాల్లో ఉంటుంది. పాళీ నెమ్మదించిన చోట ఎక్కువ సిరా దిగి ముదురుగా ఆరుతుంది, వేగంగా వెళ్లిన చోట లేతగా ఉంటుంది. కాబట్టి ఒకే గీతలో రంగు క్రమంగా మారాలి. మెత్తటి పాళీ అయితే నొక్కిన దిగుగీతలో రెండు కొనలు విడిపోయి గీత వెడల్పవుతుంది, పైకి వెళ్లేటప్పుడు సన్నబడుతుంది. ఈ వెడల్పు మార్పూ రంగు మార్పూ ఒకదానికొకటి పొంతనగా ఉన్నాయో లేదో చూడండి. గీత వెడల్పు మారుతున్నా రంగు ఎక్కడా మారకపోతే, అది అచ్చయినదై ఉండవచ్చు లేదా సన్నని మార్కర్‌తో గీత మీద గీత గీసి వెడల్పు తెచ్చినదై ఉండవచ్చు.

కొత్త కాగితానికి సిరా పాకకుండా పట్టి ఉంచే పూత ఉంటుంది. దశాబ్దాలు గడిచేకొద్దీ, తేమ తగిలేకొద్దీ అది బలహీనపడుతుంది. అప్పట్లోనే రాసిన సంతకం పూత గట్టిగా ఉన్నప్పుడు రాసింది కనుక అంచులు శుభ్రంగా ఉంటాయి. అదే పాత పేజీ మీద నిన్న రాస్తే సిరా సన్నని వేర్లలా పక్కలకు పాకుతుంది. పేజీ మీద గోధుమ రంగు తేమ మచ్చలుంటే అక్కడ మరీ ఎక్కువగా పాకుతుంది. సంతకం గీత తేమ మచ్చ మీదుగా వెళ్లే చోటు ఉంటే ఆ ఒక్క చోటి దగ్గరి ఫోటో అడగండి. మచ్చ లోపలికి రాగానే సిరా ఉబ్బి వేర్లు వేస్తే, మచ్చ తర్వాతే సంతకం వచ్చిందని అనుమానించాలి. గీత మచ్చలోనూ అంతే సన్నగా దాటిపోతే సంతకం ముందు, మచ్చ తర్వాత అని అర్థం. అయితే మొదటి నుంచీ నాసిరకం కాగితమైతే రాసిన రోజే సిరా పాకి ఉంటుంది. కాబట్టి ఒక్క పాకుడు చూసి తీర్పు చెప్పవద్దు, మచ్చలో పాకుడుకూ బయటి పాకుడుకూ తేడా ఉందా అన్నదే చూడండి.

నీలినలుపు సిరాల్లో చాలావాటిలో ఇనుము లవణాలుండేవి. అవి ఏళ్ల తరబడి ఆనుకుని ఉన్న ఎదుటి పేజీని నెమ్మదిగా గోధుమ రంగుకు తిప్పుతాయి. అక్కడ రాత తిరగబడి, మసగ్గా కనిపిస్తుంది. తడి ఆరకముందే పుస్తకం మూస్తే పడే అచ్చు ఇలా ఉండదు. అది సిరా రంగులోనే, అంచులు తెలిసేలా, మచ్చలు మచ్చలుగా పడుతుంది. గోధుమ రంగు నీడ ఒక్క రోజులో రాదు.

నున్నటి ఫోటో మీద మార్కర్: తక్కువ చెప్పే జోడీ

మార్కర్‌కు ఒత్తిడి అక్కర్లేదు. ఆనిస్తే చాలు, సిరా దిగుతుంది. గాడి లేదు, వెడల్పు మార్పు లేదు. ప్లాస్టిక్ పూత ఉన్న ఫోటో కాగితంలో సిరా ఇంకదు, పైన పొరలా ఆరుతుంది. నల్లటి మార్కరైతే రెండు గీతలు దాటుకున్న చోట కూడా నలుపు మీద నలుపే కనుక ఏదీ తేలదు. నీలం మార్కర్ అయితే దాటుకున్న చోట రంగు రెట్టింపు ముదురవుతుంది, అది చేతిరాతకు మంచి గుర్తు. అందుకే ఒకే నటుడి రెండు ఫోటోల మధ్య ఎంచుకోవాల్సి వస్తే నలుపు కంటే నీలం వైపు మొగ్గండి.

ఇక్కడ తళుకు ఫోటోకే పని. దీపం తళుకు ఫోటో నున్నదనం మీద తెల్లగా పరుచుకుంటుంది, మార్కర్ గీత వచ్చిన చోట ఆ తెల్లదనం తెగాలి. గీత మొద్దుగా గానీ, రాగి ఛాయ మెరుపుతో గానీ విడిగా కనిపించాలి. తళుకు ఎక్కడా తెగకుండా సంతకం మీదుగా ఒకే నిగనిగతో సాగితే ఆ సంతకం ఫోటోతో పాటే అచ్చయింది. సంతకం చేసిన ఫోటోను మళ్లీ ఫోటో తీసి వందల ప్రతులు వేయడం సినిమా కంపెనీలకూ అభిమాన సంఘాలకూ పాత అలవాటే. మోసం చేయాలని చేసినవి కావవి. వాటిని సంతకం చేసినవిగా అమ్మడమే తప్పు. రబ్బరు ముద్ర అయితే సిరా అంచులకు నెట్టుకుపోయి, గీత నడుమ పలచగా, అంచులు ముదురుగా ఉంటాయి. గీతలు దాటుకున్న చోట ముదురు పెరగదు.

సన్నమొన మార్కర్ల కాలం కూడా గుర్తుంచుకోదగినదే. పీచుమొన పెన్నులు 1960ల మొదట్లో వచ్చాయి. ఫోటోల మీద సంతకాలకు అందరూ వాడే షార్పీ మార్కర్ 1964లో వచ్చింది, జెల్ పెన్నులు 1984లో. హాలీవుడ్ నటుడు హంఫ్రీ బోగార్ట్ 1957 జనవరిలో చనిపోయారు. ఆయన స్టిల్ మీద షార్పీ గీత చూపిస్తే ఇక అడగాల్సింది ఏమీ ఉండదు.

ఈ జోడీని పూర్తిగా వదిలేయమని కాదు. 1970ల తర్వాతి తారల ఫోటోల్లో ఎక్కువ భాగం ఇలాంటివే దొరుకుతాయి. అయితే ఫోటో మీది మార్కర్ సంతకం సిరా పరీక్షలో నెగ్గినా అది చిన్న గెలుపే. అది అచ్చు కాదని, ముద్ర కాదని తేలింది, అంతే. ఎవరు రాశారన్నది ఇంకా మొత్తంగా మిగిలే ఉంది.

యంత్రం రాసిన సంతకం

ఆటోపెన్ అనే యంత్రం నిజమైన పెన్నును పట్టుకుని నిజమైన సిరాతో రాస్తుంది. కనుక తళుకు పరీక్ష, దాటుకున్న చోట ముదురు పరీక్ష రెండూ అది దాటేస్తుంది. పట్టిచ్చేది ఒత్తిడి. యంత్రం బరువు మార్చదు. గీత మొదటి నుంచి చివరి దాకా ఒకే వెడల్పు, ఒకే గాడి. పెన్ను దిగిన చోటా ఎత్తిన చోటా చుక్కలు. పొడవైన గీతల్లో సన్నని, క్రమమైన అదురు. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం పోలిక. ఒక మనిషి రెండుసార్లు ఒకేలా సంతకం చేయడు, యంత్రం చేస్తుంది.

2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ పుస్తకం ప్రత్యేక ప్రతులు, చేతితో సంతకం చేసినవంటూ ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. కొన్నవాళ్లు తమ ప్రతుల ఫోటోలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఒకదానిమీద ఒకటి సరిపోయే సంతకాలు బయటపడ్డాయి. ప్రచురణకర్త డబ్బు వాపసు ఇచ్చాడు, ఆటోపెన్ వాడిన మాట నిజమని డిలాన్ స్వయంగా ఒప్పుకుని విచారం తెలిపారు. సంతకం అసలైనదని చెప్పే పత్రం ఉంది, ప్రచురణకర్త మాట ఉంది, పట్టించింది మాత్రం ఫోటోల పోలికే.

మీరూ అదే చేయవచ్చు. అదే విడతలో అమ్ముడైన మరో రెండు మూడు ప్రతుల ఫోటోలు సేకరించండి. ఫోటోలు దిద్దే ఏ యాప్‌లోనైనా ఒకదాన్ని సగం పారదర్శకంగా చేసి, మరోదాని మీద పెట్టి, మొదటి అక్షరం నుంచి చివరి గీత దాకా పొడవు సమానం చేయండి. కెమెరా వాలు వల్ల కొంచెం వంపు రావచ్చు, దాన్ని సరిచేసుకోండి. అక్షరాల మధ్య ఖాళీలన్నీ ఒకేసారి కూర్చుంటే అది యంత్రం లేదా ముద్ర లేదా దిద్దిన సంతకం. దగ్గరదగ్గరగా ఉండి అక్కడక్కడా తప్పుతుంటే అది చేతిరాత తీరు. సరిపోలినవి దొరకనంత మాత్రాన యంత్రం కాదని తేలినట్టు కాదు, యంత్రానికి ఒకటి కంటే ఎక్కువ నమూనాలు ఎక్కించి ఉండవచ్చు.

పుస్తకంలో ఎక్కడ రాశారు

పుస్తకాల్లో నాలుగు రకాలు ఎదురవుతాయి: టైటిల్ పేజీ మీద పేరు ఒక్కటే, ఖాళీ పేజీ మీద ఎవరికో ఇస్తున్నట్టు రెండు మూడు పంక్తులు రాసి సంతకం, విడిగా అతికించిన చీటీ మీద సంతకం, కుట్టులోకి చేర్చిన సంతకం పేజీ. అమ్మకపు ధరలో సాధారణంగా పేరొక్కటే ఉన్నదానికి గిరాకీ ఎక్కువ, ఎవరి పేరో రాసి ఉన్నదానికి తక్కువ. పరీక్షకు మాత్రం ఈ వరస తలకిందులవుతుంది. "ఫలానావారికి అభిమానంతో" అని రాసి తేదీ వేసి సంతకం చేస్తే పోల్చడానికి ముప్పై నలభై అక్షరాలు అదనంగా దొరుకుతాయి. సంతకం బాగా సాధన చేసినవాడికి కూడా ఆ మామూలు రాత వేగంగా రాయడం కష్టం. డబ్బు తక్కువ, సాక్ష్యం ఎక్కువ. రెండు ప్రతుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే మేం పేరు రాసినదాన్నే తీసుకుంటాం.

అయితే ఆ పంక్తులూ సంతకమూ ఒకే చెయ్యి, ఒకే పెన్నా అన్నది చూడాలి. పాత యజమాని తన స్నేహితుడికి పుస్తకం ఇస్తూ రాసుకున్న మాటల కింద తర్వాత ఎవరో రచయిత సంతకం చేర్చడం జరుగుతుంది. అప్పుడు సంతకం మిగిలిన జాగాలో ఇరుక్కుని కూర్చుంటుంది, వాలు మారుతుంది, సిరా రంగు దగ్గరగా ఉన్నా ముదురు లేతల తీరు వేరుగా ఉంటుంది. సహజంగా రాసినప్పుడు పంక్తి చివర జాగా చాలక అక్షరాలు దగ్గరపడతాయి, సంతకం మాత్రం ఖాళీ చూసుకుని విచ్చుకుంటుంది. కుట్టు దగ్గరి లోతట్టు భాగంలో పేజీ వంగి ఉంటుంది కనుక అక్కడ మొదలైన గీతలు కొంచెం తడబడతాయి. ఎక్కడా తడబాటు లేకుండా, పేజీ నడిబొడ్డున కొలిచి పెట్టినట్టున్న సంతకం నాకు ఎప్పుడూ రెండోసారి చూడాలనిపిస్తుంది.

దీనికి వ్యతిరేకమైనది కూడా ఉంది. పేరు లేనిదానికే గిరాకీ కనుక కొందరు ఆ పేరును తుడిచేస్తారు. సంతకం పేజీలో కుడివైపు కిందికి జరిగి, పైన ఎడమవైపు అర్థం లేని ఖాళీ ఉంటే ఆ ఖాళీని పక్క వెలుతురులో చూడండి. గీకిన కాగితం నూగుగా లేస్తుంది, వెనక నుంచి వెలుతురు వేస్తే అక్కడ పలచగా కనిపిస్తుంది. నున్నటి ఫోటో మీద ద్రావకంతో తుడిస్తే నిగనిగ పోయి మబ్బు మచ్చ మిగులుతుంది. సంతకం నిజమైనదే కావచ్చు, కానీ వస్తువు చెడిపోయింది.

అతికించిన చీటీని చివరి స్థానంలో పెట్టండి. చీటీకీ పుస్తకానికీ సంబంధం జిగురు ఒక్కటే. తర్వాతి పేజీ మీద గాడి లేదు, ఎదుటి పేజీ మీద నీడకు అర్థం లేదు. కుట్టులో చేర్చిన పేజీకి ప్రచురణకర్త అండ ఉంటుంది, కానీ ఆ పేజీలు విడి కాగితాలుగా ఉన్నప్పుడే వందల్లో సంతకం చేస్తారు కనుక యంత్రం దూరే సందు అక్కడే.

పుస్తకం ముద్రణ వివరాల పేజీ ఫోటో మరచిపోవద్దు. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ సంఖ్య పదమూడు అంకెలతో 2007 జనవరి నుంచి వాడుకలోకి వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు చనిపోయిన రచయిత సంతకం ఆ అంకె ఉన్న ప్రతిలో ఉండదు.

సినిమా వస్తువుల మీద ఎక్కడ రాశారు

తారలు ముఖం మీద రాయరు. తమ బొమ్మ పక్కన, లేత రంగున్న చోట, చాలాసార్లు దుస్తుల మీదో ఆకాశం మీదో రాస్తారు. వెలుతురు ఉన్న జాగా పక్కనే ఉండగా నల్ల సంతకం ముదురు కోటు మీద సగం మునిగిపోయి ఉంటే అది తొందరలో చేసిన నిజమైన సంతకం కావచ్చు. తారలు హడావుడిలో అలా చేస్తారు. అందంగా కనిపించాలని చూసే నకిలీ మాత్రం దాదాపు ఎప్పుడూ శుభ్రమైన జాగానే వెతుక్కుంటుంది. నలుగురైదుగురు సంతకాలున్న పోస్టర్‌లో ఎవరూ ఎవరి మీదికీ రాకుండా సమాన దూరంలో ఉంటే, పైగా అందరి గీతలకూ ఒకే పెన్ను వెడల్పు, ఒకే వాలు ఉంటే, ఒకే చెయ్యి పని కావచ్చు. వేర్వేరు రోజుల్లో వేర్వేరు చోట్ల చేయించిన సంతకాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి.

పగుళ్లు అన్నిటికంటే నిజాయితీగా మాట్లాడతాయి. పాత ఫోటో పైపొర పగిలి ఉండి, సంతకం గీత ఆ పగులును దాటుతుంటే ఆ చోటును పెద్దది చేసి చూడండి. గీత తెగి, పగులులో తెల్లని కాగితం కనిపిస్తే సంతకం ముందు, పగులు తర్వాత. సిరా పగులులోకి దిగి రెండు వైపులా పాకితే పగులు ముందు, సంతకం తర్వాత. మడతల విషయంలో తొందరపడవద్దు. 1980ల దాకా అమెరికన్ సినిమా పోస్టర్లను మడిచే పంపేవారు, కాబట్టి మడత మీద సిరా దిగడం తప్పు కాదు. ఏళ్ల తరబడి వాడకంతో వచ్చిన పగులులో సిరా దిగడమే తప్పు.

ఆ మూడింట్లో ఏది

ఇప్పుడు మొదటి మూడు వస్తువులకు వద్దాం. ఉదాహరణ కోసం ఆ నటుడు 1991లో చనిపోయాడని, ఆత్మకథ 1974లో అచ్చయిందని అనుకుందాం.

మొదటిది, టైటిల్ పేజీ మీద బాల్‌పెన్. ముద్రణ పేజీ 1974దే, పెన్ను కాలానికి సరిపోతుంది. పక్క వెలుతురులో తర్వాతి పేజీ మీద గాడి కనిపించింది. ఇంతవరకు బాగుంది. అయితే గాడి పైకి వెళ్లే గీతల్లోనూ దిగే గీతల్లోనూ ఒకే లోతులో ఉంది. మొదటి అక్షరం మొద్దు చుక్కతో మొదలైంది. చివరి పొడవాటి గీత సన్నబడకుండా ఆగిపోయింది. ఒక వంపు మీద రెండోసారి గీసినట్టు రెండు గాడులు పక్కపక్కన ఉన్నాయి. గాడి ఉందన్న ఊరటతో కొనేస్తే పొరబడేది సరిగ్గా ఇక్కడే. దీన్ని వదిలేయాలి.

మూడోది, ఎనిమిది పది అంగుళాల స్టిల్ మీద నల్ల మార్కర్. తళుకు ఫోటోలో గీత రాగి మెరుపుతో విడిగా తేలింది, కనుక అచ్చు కాదు. కాలం కూడా కుదురుతుంది. కానీ కుడి మూలన పగులు ఉంది, సంతకం చివరి గీత దాన్ని తాకగానే సిరా పగులు పొడవునా రెండు మిల్లీమీటర్లు పాకింది. ఫోటో బాగా నలిగాక సంతకం వచ్చింది. నటుడు బతికుండగానే ఫోటో నలిగి ఉండవచ్చు, అందుకే ఇది నకిలీ అని చెప్పలేం. కానీ దీని తరఫున మాట్లాడే సాక్ష్యం కూడా వేరే ఏమీ లేదు. నల్ల మార్కర్ ఇంకేమీ చెప్పదు.

రెండోది, ఖాళీ పేజీ మీద నీలినలుపు సిరాతో మూడు పంక్తులు, సంతకం, 1976 తేదీ. తేదీ ముదురుగా, సంతకం లేతగా ఉంది. మొదట ఇది అనుమానం పుట్టిస్తుంది. కానీ అంకెలు నెమ్మదిగా రాస్తారు, సంతకం వేగంగా గీస్తారు, కాబట్టి తేడా ఉండాల్సిన దిశలోనే ఉంది. సంతకంలోనే మలుపుల దగ్గర ముదురు, పొడవాటి గీతల్లో లేత. రెండో పంక్తి చివర అక్షరాలు అంచుకు చేరి దగ్గరపడ్డాయి. ఒక గీత తేమ మచ్చ మీదుగా ఏ మార్పూ లేకుండా దాటిపోయింది. ధర మొదటిదాని కంటే తక్కువే ఉంటుంది, ఎందుకంటే అందులో ఎవరిదో పేరు ఉంది. మేం దీన్నే తీసుకుంటాం.

డబ్బు కట్టే ముందు ఇంకొక్క ఫోటో అడగాలి, అట్ట లోపలి వైపుది, అంటే ఆ పేజీకి ఎదురుగా ఉండేది. అక్కడ గోధుమ రంగు నీడ ఉంటే ఆ ఫోటోను అద్దంలోలా ఎడమ కుడి తిప్పి, సగం పారదర్శకం చేసి రాత మీద పెట్టండి. పంక్తులు కూర్చోవాలి. రాతలో సిరా ముదురుగా ఉన్న చోటే, అంటే తేదీ అంకెల దగ్గర, నీడ కూడా అన్నిటికంటే గట్టిగా ఉండాలి. మూడు పంక్తుల నీడ ఉండి సంతకం నీడ మాత్రం బొత్తిగా లేకపోతే ఆ లేత సంతకం గురించి మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.